ముక్కూమొహం తెలియనివాళ్ళు మొదటి సినిమాకి డబ్బెందుకిస్తారు?

1976లో వచ్చిన శ్యాం బెనెగల్ సినిమా 'మంథన్'కి నిర్మాతలు గుజరాత్ పాల రైతులు. ఐదు లక్షల మంది, తలా రెండు రూపాయలు వేసుకున్నారు. పదేళ్ళ తర్వాత కేరళలో జాన్ అబ్రహాం తీసిన 'అమ్మ అరియాన్' కోసం ఒడెస్సా అనే బృందం ఊరూరా తిరిగింది. చాప్లిన్ సినిమా 'ది కిడ్' వేసి చూపించి, చూసినవాళ్ళ దగ్గర చందాలు పోగుచేసింది. జనం డబ్బుతో సినిమా తీయడం మన దేశానికి ఇంటర్నెట్ తెచ్చిన కొత్త సంగతేమీ కాదు.

అయితే ఆ రెండుచోట్లా నమ్మకానికి ఒక ఆధారం ముందే ఉంది. పాల రైతుకి సినిమావాళ్ళు ఎవరో తెలియకపోవచ్చు. రోజూ తన పాలు కొలిచి లెక్కకట్టి డబ్బు చేతిలో పెట్టే సహకార సంఘం మాత్రం బాగా తెలుసు. కేరళలో చందా అడిగినవాళ్ళు ఎదురుగా నిలబడి అడిగారు. వాళ్ళని ఏమైనా నిలదీసి అడగొచ్చు, ముఖం చూసి అంచనా వేసుకోవచ్చు.

ఇవాళ క్రౌడ్‌ఫండింగ్ పేజీ తెరిచిన మనిషికి ఈ రెండూ లేవు. పూచీపడే సంఘం లేదు, నిలదీయడానికి ఎదురుగా మనిషీ లేడు. ఉన్నది రెండుమూడు నిమిషాల వీడియో. అడుగుతున్నవారు ఇంతకుముందు ఒక్క సినిమా కూడా తీయలేదు. ఆ వీడియోకి స్క్రిప్టు ఎలా రాస్తే నమ్మకం కుదురుతుంది అన్నదే ఈ అధ్యాయం. దీనికి జవాబు మాటల నేర్పులో దొరకదు. ఆర్థికశాస్త్రం యాభై ఏళ్ళ కిందట పట్టుకున్న ఒక చిక్కులో దొరుకుతుంది.

చవకైన మాట, ఖరీదైన మాట

1970లో జార్జ్ ఎకర్లాఫ్ పాత కార్ల సంత గురించి ఒక వ్యాసం రాశాడు. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. మంచి కారు యజమానీ, డొక్కు కారు యజమానీ ఇద్దరూ "బ్రహ్మాండమైన బండి" అనే చెప్తారు. కొనేవాడికి తేడా తెలియదు కాబట్టి ఇద్దరి మాటా నమ్మడు, రెండిటికీ తక్కువ ధరే ఇస్తానంటాడు. దాంతో మంచి కారున్నవాడు సంతకి రావడమే మానేస్తాడు.

1973లో మైకేల్ స్పెన్స్ దీనికి ఒక దారి చూపించాడు. ఉద్యోగాల సంతలో ప్రతివాడూ తాను సమర్థుడినే అంటాడు, కాబట్టి ఆ మాటకి విలువ లేదు. కాని కొన్ని పనులు సమర్థుడికి తేలిక, అసమర్థుడికి చాలా కష్టం. అలాంటి పని చేసి చూపిస్తే ఎదుటివాడికి తేడా తెలుస్తుంది. దాన్ని ఆయన సిగ్నల్ అన్నాడు. సిగ్నల్‌కి బలం దాని ఖర్చులో ఉంది, అదికూడా అందరికీ ఒకేలా కాకుండా, లేనివాడికి ఎక్కువ పడే ఖర్చులో. ఎకర్లాఫ్, స్పెన్స్ ఇద్దరికీ 2001లో జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

మొదటి సినిమా తీస్తానంటున్నవారి పరిస్థితి పాత కారు అమ్మేవాడి పరిస్థితే. "సినిమా నా ప్రాణం", "చిన్నప్పటినుంచి నా కల", "ఇలాంటి కథ ఇంతవరకూ రాలేదు" అన్న మాటలు నిజమే కావచ్చు. కాని సినిమా తీయగలిగినవారూ ఈ మాటలే అంటారు, తీయలేనివారూ ఇవే అంటారు. వినేవాడికి వీటివల్ల తెలిసేది సున్నా.

ఇందులోంచి స్క్రిప్టు రాసేవారికి పనికొచ్చే ఒక పరీక్ష పుట్టుకొస్తుంది. రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలా అడగాలి: ఈ సినిమా ఎన్నటికీ పూర్తిచేయలేని మనిషి కూడా ఈ వాక్యం చెప్పగలడా? చెప్పగలడంటే ఆ వాక్యం నమ్మకానికి పనికిరాదు. చెప్పలేడంటే దాన్ని ఉంచాలి. మిగతా అధ్యాయమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చూసేవాడి మూడు అనుమానాలు

నమ్మకం అంటే ఒకే ముద్ద కాదు. 1995లో మేయర్, డేవిస్, స్కూర్మన్ అనే ముగ్గురు పరిశోధకులు దాన్ని మూడుగా విడదీశారు: సామర్థ్యం, సద్భావం, నిజాయితీ. మనం ఒకరిని నమ్మాలా వద్దా అని తూచేటప్పుడు ఈ మూడిటినీ విడివిడిగా తూస్తామన్నది వాళ్ళ వాదన. క్రౌడ్‌ఫండింగ్ భాషలో చెప్పుకుంటే: వీళ్ళకి పని వచ్చా? మనుషుల్ని సరిగా చూసుకుంటారా? తేడా వస్తే నిజం చెప్తారా?

మొదటిసారి తీసేవారు సాధారణంగా ఈ మూడిటికీ ఒకే మందు వాడతారు, ఉత్సాహం. దాని బలం ఎంతో 2009లో చెన్, యావో, కోథా పరీక్షించి చూశారు. వ్యాపార ప్రణాళికలు వినిపించేవారిలో పెట్టుబడిదారులు దేన్ని చూసి డబ్బు పెట్టాలనుకుంటున్నారన్నది వాళ్ళ ప్రశ్న. నిర్ణయాన్ని కదిలించింది మాట్లాడేవారి ఆవేశం కాదు, వాళ్ళు ఎంత సిద్ధపడి వచ్చారన్నది. వెంచర్ క్యాపిటలిస్టు వేరు, సినిమాకి ఐదొందలిచ్చే మనిషి వేరు అన్నది నిజమే. అయినా తియ్యగలరా లేదా అన్న అనుమానం ఇద్దరిలోనూ ఉంటుంది, దానికి ఆవేశం జవాబు కాదు.

ఈథన్ మాలిక్ 2014లో కిక్‌స్టార్టర్‌లోని 48,500కి పైగా ప్రాజెక్టుల లెక్కలు తీసి ప్రచురించిన అధ్యయనం కూడా ఇటే చూపిస్తుంది. వీడియో ఉన్న ప్రాజెక్టులు, అక్షరదోషాలు లేని ప్రాజెక్టులు ఎక్కువగా గట్టెక్కాయి. అక్షరదోషానికీ సినిమా నాణ్యతకీ సంబంధమేమిటి? నేరుగా ఏమీ లేదు. కాని పెద్ద విషయం చూసే వీలు లేనప్పుడు మనిషి చిన్న విషయాల్ని బట్టి అంచనా కడతాడు. పేజీ ఒకసారి చదివి దిద్దుకోనివారు బడ్జెట్ ఎలా చూసుకుంటారన్న అనుమానం వస్తుంది. అయితే ఇది కేవలం కలిసి కనిపించిన సంబంధమని గుర్తుంచుకోవాలి. శ్రద్ధగా వీడియో చేసుకునేవారు మిగతా పనులూ శ్రద్ధగానే చేస్తారు. గెలుపులో వీడియో వాటా ఎంత, ఆ శ్రద్ధ వాటా ఎంత అని ఈ లెక్క విడదీసి చెప్పదు.

ఒక్క పెద్ద సినిమా కూడా తీయని మనిషి చూపించినది

జస్టిన్ సిమియన్ హాలీవుడ్‌లో పబ్లిసిటీ ఉద్యోగి. 'డియర్ వైట్ పీపుల్' స్క్రిప్టు ఏళ్ళ తరబడి రాసుకున్నాడు. దర్శకుడిగా పేరు లేదు, వెనక స్టూడియో లేదు. ఆదాయపు పన్ను తిరిగొచ్చిన డబ్బుతో, ఇంకా తీయని ఆ సినిమాకి ఒక కాన్సెప్ట్ ట్రైలర్ తీశాడు. 2012లో ఇండీగోగోలో 25,000 డాలర్లు అడిగితే 40,000 దాటి వచ్చాయి. 2014 సండాన్స్ ఉత్సవంలో ఆ సినిమాకి ప్రత్యేక జ్యూరీ బహుమతి దక్కింది.

ట్రైలర్ ఏం చేసిందో స్పెన్స్ కళ్ళతో చూడండి. ఆ సినిమాలో హాస్యం చురుగ్గా, కాస్త ప్రమాదకరంగా ఉంటుంది. జాతి గురించి జోకు వేయడం కత్తిమీద సాము. "నేను దీన్ని జాగ్రత్తగా చేయగలను" అని ఎవరైనా అంటారు. రాయడం, నటులతో చేయించడం, సరైన క్షణంలో కట్ చేయడం రానివాడు మాత్రం నవ్వించే ట్రైలర్ తీయలేడు. అంటే ట్రైలర్ సినిమా గురించిన ప్రకటన కాదు, సినిమాలోంచి తీసిన మచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసినట్టు, ఇరవై సెకన్ల సన్నివేశం చాలు.

తెలుగులోనూ ఇదే జరిగింది. 2018లో విడుదలైన 'మను'కి ఫణీంద్ర నర్సెట్టి జనం నుంచి డబ్బు సమీకరించారు. అది ఆయన మొదటి పెద్ద సినిమా. కాని ఆయన తీసిన షార్ట్ ఫిల్మ్ 'మధురం' అప్పటికే యూట్యూబ్‌లో ఉంది. అంటే డబ్బిచ్చేవారికి మచ్చు ముందే చూసే వీలుంది.

మొదటి చిత్తుప్రతి ఎక్కడ తప్పుతుంది

ఇప్పుడొక ఉదాహరణ ఊహించుకుందాం. సిరిసిల్ల అమ్మాయి. తండ్రి సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపాడు. తను హైదరాబాద్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్. ఇరవై నిమిషాల సినిమా తీయాలనుకుంటోంది, పేరు 'మోత'. ఏళ్ళ తరబడి సాంచాల చప్పుడులో పనిచేసి చెవులు సరిగా వినపడని తండ్రికి, ఈ పెళ్ళి వద్దని కూతురు చెప్పాల్సిన ఒక్క రాత్రి కథ. ఖర్చు ఆరు లక్షలు.

ఆమె మొదట రాసుకున్న స్క్రిప్టు ఇలా మొదలవుతుందనుకుందాం: "నమస్కారం. సినిమా అంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. నేత కార్మికుల బతుకుల్ని ప్రపంచానికి చూపించాలన్నది నా కల. మా దగ్గర అద్భుతమైన టీమ్ ఉంది. మీ సహకారం ఉంటే ఈ సినిమా అంతర్జాతీయ స్థాయికి వెళ్తుంది. మీరిచ్చే ప్రతి రూపాయీ మాకు విలువైనదే."

ఒక్కో వాక్యానికీ మన ప్రశ్న వేద్దాం. పిచ్చి ఎవరికైనా ఉంటుంది. కల ఎవరైనా కనొచ్చు. అద్భుతమైన టీమ్ అని ఏ టీమ్ గురించైనా అంటారు. అంతర్జాతీయ స్థాయి అన్నది ఆమె చేతిలో లేని విషయం, దాన్ని వాగ్దానం చేస్తే నిజాయితీకే ఎసరు. ప్రతి రూపాయీ విలువైనదే అన్నదాంట్లో రూపాయి ఎక్కడికి వెళ్తుందో లేదు. ఐదు వాక్యాల్లో ఒక్కటీ మిగల్లేదు. పైగా ఇందులో సిరిసిల్ల తీసేసి ఇంకే ఊరు పెట్టినా, నేత తీసేసి ఇంకే వృత్తి పెట్టినా స్క్రిప్టు చెక్కుచెదరదు. ఊరూ పనీ మార్చినా నిలబడే స్క్రిప్టు ఎవరిదైనా కావచ్చు, అందుకే ఎవరికీ నమ్మకం కలిగించదు.

తిరగరాసిన స్క్రిప్టు

వీడియో స్క్రిప్టుని పేజీ మధ్యలో గీత గీసి రాసుకోవాలి: ఎడమపక్క కనిపించేది, కుడిపక్క వినిపించేది. నిదానంగా మాట్లాడితే నిమిషానికి వంద తెలుగు మాటలు పట్టడం కష్టం కాబట్టి, మూడు నిమిషాల లోపు వీడియోకి రెండొందల మాటలు మించకూడదు. గీతకి రెండువైపులా ఉన్నదాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

*0:00 నుంచి 0:25.* రాత్రి, సాంచాల షెడ్డు, చెవులు చిల్లులుపడే మోత. కూతురు సద్ది పట్టుకొచ్చి ఏదో అరుస్తుంది. తండ్రికి వినపడదు. ఆమె వెళ్ళి భుజం తడుతుంది. అతను తిరిగి చూడగానే మోత ఆగిపోతుంది. తెర మీద పేరు: 'మోత'.

*0:25 నుంచి 0:50.* అదే షెడ్డు, పగలు, సాంచాలు ఆగి ఉన్నాయి. ఆమె కెమెరా వైపు చూస్తూ: "మీరిప్పుడు చూసింది 'మోత'ల ఒక సీను. తీసింది, ఎడిట్ చేసింది నేనే. మాది సిరిసిల్ల. మా నాయిన ఇరవై రెండేండ్లు సాంచాలు నడిపిండు. నేను హైదరాబాద్‌ల నాలుగేండ్లసంది ఎడిటింగ్ అసిస్టెంట్‌గ పనిచేస్తున్న. డైరెక్టర్‌గ నాకిదే మొదటి సినిమా."

*0:50 నుంచి 1:20.* కథ ఒక్క వాక్యంలో. తర్వాత: "సాంచాలు నడుస్తుంటే మాట రికార్డు కాదు. అందుకే మాటలున్న షాట్లు సాంచాలు బంద్ పెట్టి, నడిచే సాంచా కనపడకుంట ఫ్రేము పెట్టి తీస్తం. మోతను వేరేగ రికార్డు చేసి తర్వాత కలుపుతం. మీరు చూసిన సీను గట్లనే చేసినం." ఆమె మాట్లాడుతుండగా సౌండ్ రికార్డిస్టు సాంచా పక్కన మైకు పెట్టి కూర్చున్న దృశ్యం.

*1:20 నుంచి 1:45.* కెమెరామన్, సౌండ్ రికార్డిస్టు, తండ్రి పాత్ర వేసే నటుడు. ఒక్కొక్కరు పని చేస్తుండగా, పేరూ అంతకుముందు చేసిన పనీ తెర మీద. చివర షెడ్డు ఆసామి: "ఐదు రాత్రులు ఈ షెడ్డు వీళ్ళకిస్తనన్న. ఆ ఐదు రాత్రులు నాకు బట్ట రాదు, దానికి కిరాయి మాట్లాడుకున్నం."

*1:45 నుంచి 2:10.* మళ్ళీ ఆమె: "మొత్తం ఆరు లక్షలైతది. లక్షన్నర తెలిసినోళ్ళిచ్చిన్రు, మా దగ్గరుంది. నాలుగున్నర లక్షలు అడుగుతున్న. అన్నిట్ల పెద్ద ఖర్చు మనుషుల కూలి, లక్షా తొంభై వేలు. ఎవ్వరితోని ఊరికె పని చేయించుకోం. పూరా లెక్క కింద రాసిన."

*2:10 నుంచి 2:35.* "నాలుగున్నర లక్షలు రాకపోతే మీ పైసలు మీకే వాపస్. వస్తే జనవరిల షూటింగ్, ఆగస్టు కల్లా సినిమా మీ చేతిల. ఒక్క భయముంది. ఆసామికి పెద్ద ఆర్డరొస్తే షెడ్డు దొరకదు, షూటింగ్ రెండు నెలలు వెనకకు పోతది. ఏమైనా గాని నెలకోసారి మీకు రాస్త."

*2:35 నుంచి 2:45.* "తొమ్మిది వందల మంది తలా ఐదు వందలిస్తే ఈ సినిమా అయితది. ఇచ్చినోళ్ళందరి పేర్లు సినిమాల ఉంటయి."

ఎందుకలా

ఆమె పేరుకంటే ముందు సన్నివేశం రావడం ఆకర్షణ కోసం మాత్రమే కాదు. "తీసింది నేనే" అన్న వాక్యం సన్నివేశం తర్వాత వస్తే సాక్ష్యం, ముందొస్తే గొప్ప. సన్నివేశం కూడా కథలో అందమైన చోటు చూసి ఎంచుకున్నది కాదు, అన్నిటికంటే అనుమానమున్న చోటు చూసి ఎంచుకున్నది. ఈ సినిమా విషయంలో కాస్త తెలిసినవాడికి వచ్చే మొదటి అనుమానం శబ్దమే: ఆ మోతలో సినిమా ఎలా తీస్తారు? అందుకే మచ్చుగా శబ్దం ఉన్న సీనే చూపించారు. కొండల మీద సూర్యోదయం డ్రోన్‌తో తీసి చూపిస్తే బాగానే ఉంటుంది, కాని ఆ అనుమానం అలాగే ఉండిపోతుంది. ప్రతి సినిమాకీ ఇలాంటి ఒక గడ్డుచోటు ఉంటుంది. పిల్లలతో తీసే సినిమాకి పిల్లల నటన, పీరియడ్ సినిమాకి లొకేషన్, దెయ్యం సినిమాకి భయం. ముందు దాన్ని కనిపెట్టి, తర్వాత స్క్రిప్టు మొదలుపెట్టాలి.

"నాకిదే మొదటి సినిమా" అని తనే చెప్పేయడం బలహీనత ఒప్పుకోవడంలా అనిపిస్తుంది. చూసేవాడికి ఆ సంగతి ఎలాగూ తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనికుల మీద హోవ్లాండ్ బృందం చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి బయటపడింది. మొదట వ్యతిరేకంగా ఉన్నవారి మీదా, ఎక్కువ చదువుకున్నవారి మీదా ఒకవైపు వాదనకంటే రెండువైపులా చెప్పిన వాదనే బాగా పనిచేసింది. అనుమానంతో చూస్తున్న మనిషికి తన అనుమానం మన నోటే వినపడితే, ఇంకేదో దాస్తున్నారన్న శంక తగ్గుతుంది. అయితే ఒప్పుకున్నదాని పక్కనే ఆధారం ఉండాలి. నాలుగేళ్ళ ఎడిటింగ్ పని అన్న వాక్యం ముందు లేకపోతే అది ఉత్త బలహీనతగానే మిగిలిపోయేది.

ఆసామి మాట్లాడిన రెండు వాక్యాలు ఆమె మాట్లాడే ఇరవై వాక్యాలకంటే బరువైనవి. ఆయనకి ఆ సినిమాతో పనిలేదు, పైగా ఐదు రాత్రుల బట్ట పోతుంది. తన పని ఆపుకునేవాడు పూచీపడితే ఆ మాట చవకైనది కాదు. దాంతో రెండో అనుమానం, మనుషుల్ని సరిగా చూసుకుంటారా అన్నది కూడా కొంత తీరుతుంది. ఆయనకి కిరాయి ఇస్తున్నారు, పనివాళ్ళకి కూలి ఇస్తున్నారు. కార్మికుల కష్టం చూపించే సినిమాకి మనుషులు ఊరికే పనిచేయడం వింతగా ఉంటుంది. ఆ వింత చూసేవాడి దృష్టికి తప్పకుండా వస్తుంది.

లెక్కల విషయంలో చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. అసలు చెప్పరు, లేదా అన్నీ చదువుతారు. వీడియోలో రెండుమూడు అంకెలకంటే ఎక్కువ చెవికి పట్టవు. మిగతావి పేజీలో రాయాలి: కెమెరా, లెన్సులు, లైట్ల కిరాయి 1,25,000; మనుషుల కూలి 1,90,000; షెడ్డు, తిండి, ప్రయాణాలు 1,10,000; ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, కలర్ 1,00,000; వెబ్‌సైటు రుసుమూ కానుకల ఖర్చూ 30,000; అనుకోని ఖర్చులకి 45,000. కూడితే ఆరు లక్షలు. చివరి రెండూ నమ్మకానికి ముఖ్యం. అనుకోని ఖర్చులకి చోటు లేని బడ్జెట్ చూస్తే, షూటింగ్ తెలిసినవాడు ఇది మొదటిసారి రాసిన కాగితమని ఇట్టే పట్టేస్తాడు.

ఆగస్టు అన్న గడువు ఎక్కడిది? ఎడిటింగ్ ఏప్రిల్ కల్లా అయిపోతుందని ఆమెకి అనిపించి ఉండొచ్చు. మాలిక్ అధ్యయనంలో డిజైన్, టెక్నాలజీ ప్రాజెక్టుల్లో మూడొంతులకి పైగా చెప్పిన గడువు దాటే ఇచ్చాయి. 2015లో ఆయనే కిక్‌స్టార్టర్ మీద చేసిన సర్వేలో అసలు ఇవ్వనివి దాదాపు 9 శాతం. అంటే జనం డబ్బు ఎగ్గొట్టడం అరుదు, ఆలస్యం మామూలు. స్క్రిప్టు జవాబు చెప్పాల్సింది దగా గురించి కాదు, ఆలస్యం గురించి. అందుకే ఏ కారణంతో ఆలస్యమవుతుందో ముందే పేరుపెట్టి చెప్పడం, నెలకోసారి రాస్తాననడం.

స్క్రిప్టులో ఉండకూడనివి

మొదటిది, "పెట్టుబడి", "లాభంలో వాటా" అన్న మాటలు. సామాన్య జనానికి ఆన్‌లైన్లో ఇలా వాటాలు అమ్మి డబ్బు సమీకరించడాన్ని మన దేశంలో సెబీ అనుమతించలేదు. చట్టం సంగతి అలా ఉంచినా, లాభం మాట ఎత్తగానే చూసేవాడు సినిమా గురించి ఆలోచించడం మాని వడ్డీ లెక్కలు వేసుకోవడం మొదలుపెడతాడు. ఇరవై నిమిషాల సినిమాకి ఆ లెక్క ఎప్పుడూ తేలదు. ఇచ్చేది సినిమా, తెర మీద పేరు, నెలనెలా ఉత్తరం. అంతవరకే చెప్పాలి.

రెండోది, బడ్జెట్‌కి మించిన తళుకు. ఆరు లక్షల సినిమాకి డబ్బడిగేవారి వీడియో ఇరవై లక్షలు పెట్టి తీసినట్టుంటే రెండు అనుమానాలు పుడతాయి: వీళ్ళకి మన డబ్బు దేనికి? సినిమా కూడా ఇలాగే ఉంటుందా, లేక వీడియో మాత్రమేనా? మచ్చు సన్నివేశం సినిమా తీయబోయే కెమెరాతో, ఆ సినిమాకి పనిచేయబోయే మనుషులతోనే తీయాలి. ఆమె మాట్లాడే భాగం మాత్రం మామూలుగా ఉన్నా ఫరవాలేదు, ఒక్క శబ్దం తప్ప. బొమ్మ కాస్త మసకైనా జనం సహిస్తారు, మాట వినపడకపోతే వెళ్ళిపోతారు. 'మోత' లాంటి సినిమాకి వీడియోలోనే మాట వినపడకపోతే ఇక చెప్పేదేముంది.

మూడోది, జాలి. తండ్రి చెవుల మీద కెమెరా పెట్టి విషాద సంగీతం వేస్తే కన్నీళ్ళు రావచ్చు, చందాలూ కొన్ని రావచ్చు. కాని అది సినిమాకి ఇచ్చిన డబ్బు కాదు, తండ్రికి ఇచ్చిన డబ్బు. సినిమా చేతికొచ్చాక అలా ఇచ్చినవారికి మోసపోయామనిపిస్తుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

స్క్రిప్టు పరీక్ష షూటింగ్‌కి ముందే చెయ్యొచ్చు. ఫోన్‌లో గొంతు రికార్డు చేసి, మధ్యలో ఫొటోలు పెట్టి ఒక కచ్చా వీడియో తయారుచేయాలి. దాన్ని మిత్రులకి చూపించకూడదు, వాళ్ళు ముందే నమ్మేశారు. మిత్రులకి మిత్రులైనవారికి, మనమెవరో తెలియని ఐదారుగురికి ఒక్కసారే చూపించాలి. "బాగుందా?" అని అడగకూడదు, మర్యాదకి అందరూ బాగుందంటారు. మూడే ప్రశ్నలు: సినిమా దేని గురించి? డబ్బు దేనికి ఖర్చవుతుంది? ఇందులో మీకు అనుమానమున్నది ఏది? మొదటి రెండిటికీ జవాబు తడబడితే స్క్రిప్టు తిరగరాయాలి. మూడోదానికి ఐదుగురిలో ముగ్గురు ఒకే మాట చెప్తే, ఆ అనుమానానికి జవాబు వీడియోలో మొదటి నిమిషంలోకి రావాలి.

వీడియో బయటికి వెళ్ళాక, చూసేవారు ఎక్కడ ఆపేస్తున్నారో చూపించే గ్రాఫు యూట్యూబ్ లాంటి చోట్ల దొరుకుతుంది. మొదటి పదిహేను సెకన్లలోనే సగం మంది పోతే తప్పు మచ్చు సన్నివేశంలో ఉంది. మధ్యలో ఒకచోట గీత గబుక్కున పడిపోతే అక్కడ సోది ఉంది. చివరిదాకా చూసి కూడా డబ్బివ్వకపోతే జబ్బు వేరు. సినిమా నచ్చింది, మనిషిమీద గురి కుదరలేదు. అప్పుడు తిరగరాయాల్సింది ఆరంభం కాదు, లెక్కలూ గడువూ చెప్పిన భాగం.

వీడియో ఎంతవరకు

ఇంత జాగ్రత్తగా రాసినా ఈ వీడియో తెలియనివాళ్ళని దానంతటదే లాక్కురాదు. అజయ్ అగ్రవాల్, కాటలీని, గోల్డ్‌ఫార్బ్ అనే పరిశోధకులు సంగీతకారులకి డబ్బు సమకూర్చిన సెల్లాబ్యాండ్ అనే వెబ్‌సైటుని పరిశీలించారు. డబ్బిచ్చినవారు సగటున వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. కాని మొదట ఇచ్చినవారు ఎక్కువగా సొంతమనుషులు. దూరపువాళ్ళు కుండలో ఎంత పడిందో చూసి కదిలారు. అంటే మొదటి వారం స్క్రిప్టుది కాదు, ఫోన్లదీ పలకరింపులదీ. లక్షన్నర ముందే చేతిలో ఉందని ఆమె వీడియోలో చెప్పడం కూడా ఇందుకే. తెలిసినవాళ్ళు ఇప్పటికే నమ్మారన్నది తెలియనివాళ్ళకి అందే మొదటి కబురు.

స్పెన్స్ సిద్ధాంతంలో ఇంకో మెలిక కూడా ఉంది. అందరికీ చవకగా దొరికిపోయిన రోజున ఏ సిగ్నలూ సిగ్నల్‌గా మిగలదు. ఒకప్పుడు వీడియో ఉండటమే శ్రద్ధకి గుర్తు, ఇప్పుడు అందరికీ వీడియో ఉంది. కాన్సెప్ట్ ట్రైలర్ 2012లో చాలామందికి కొత్త, ఇప్పుడది మామూలు. అందుకని నిరుడు గెలిచిన వీడియో చూసి దాని పద్ధతి దించుకునే స్క్రిప్టు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. దించుకోవడానికి వీల్లేనివి ఈ సినిమాకే చెందిన వివరాలు: మోతలో మాట ఎలా రికార్డు చేస్తామన్న జవాబు, పేరుతో కనిపించి కిరాయి ఒప్పుకున్న ఆసామి, ఎందుకు ఆలస్యమవుతుందో చెప్పిన కారణం. వీటిని కల్పించడం సినిమా తీయడమంత కష్టం. వాటిని సంపాదించే పని స్క్రిప్టు రాయడానికి ముందే అయిపోవాలి. షెడ్డు మాట్లాడుకోకుండా, మచ్చు తీయకుండా, లెక్క రాసుకోకుండా కూర్చుని రాస్తే ఎంత నేర్పున్నవారికైనా మొదటి చిత్తుప్రతిలోని ఆ ఐదు వాక్యాలే వస్తాయి.